నలభై ఒకటో పేరా

ఆ లాయరు ఆఫీసులో ఏ కాగితమైనా పెద్దాయన బల్ల ఎక్కాలంటే దాని నెత్తిన ఒక నోటు ఉండాలి. నోటు అంటే ఒక్క పేజీ. పేజీ దాటితే ఆయన వెనక్కి కూడా పంపరు, అలాగే బల్ల మీద వదిలేస్తారు, అది అక్కడే ముసలిదైపోతుంది. పై కోర్టు నుంచి కొత్త తీర్పు వచ్చినప్పుడు, అది మన క్లయింటు కేసుని ఏం చేస్తుందో నోటు మొదటి లైనులోనే చెప్పాలి. దానికి ఆఫీసులో మూడే మాటలు చలామణిలో ఉన్నాయి: లాభం, నష్టం, సంబంధం లేదు. ఆ తర్వాత ఎందుకు, ఎలా అన్నది ఎంత అందంగా రాసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు.

పెద్దాయన పెన్సిలుతో, తను ఎక్కడిదాకా చదివితే అక్కడ మార్జిన్లో ఒక టిక్కు పెడతారు. జూనియరు ఆ ఆఫీసులో చేరి పద్నాలుగు నెలలైంది. రాసిన నోట్లు ముప్పై ఏడు. ముప్పై ఏడింటికీ టిక్కు మొదటి లైను పక్కనే పడింది. మరి మిగతా పేజీ ఎవరి కోసం రాస్తున్నట్టని ఆమె ఒకసారి గుమాస్తాగారిని అడిగింది. ఫైలు కోసం అన్నాడాయన. ఆ ఆఫీసులో ఆయన పాతికేళ్ళ నుంచి ఉన్నాడు, ఫైలు మీద ఆయనకి మనుషుల మీదకన్నా గౌరవం ఎక్కువ.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే షట్టరు కేసు వల్ల.

షట్టరు కేసు అన్నది ఆఫీసు పెట్టుకున్న పేరు. క్లయింటు ఒక టైలరమ్మ. రెండు వీధులు కలిసే మూల మీద ఇరవై ఆరేళ్ళుగా ఒకే గదిలో కుట్టుపని చేస్తోంది. వదులైన ప్యాంట్లు బిగించడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం, చిరిగినవి చిరగనట్టు చేయడం ఆవిడ పని. ఓనరుకి ఆ గది కావాలి. ఖాళీ చెయ్యమని నోటీసు ఇచ్చాడు. చట్టం ప్రకారం నోటీసు మనిషి చేతికి ఇవ్వాలి, అది వీలుకాకపోతే అందరికీ కనబడే చోట అంటించాలి. ఓనరు పంపిన మనిషి ఓ ఆదివారం పొద్దున వచ్చి, మూసి ఉన్న షట్టరుకి నట్టనడుమ నోటీసు అంటించి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఇంకా వెలుతురు రాకముందే టైలరమ్మ వచ్చి షట్టరు ఎత్తింది. షట్టరుతోపాటు నోటీసు కూడా పైకి చుట్టుకుపోయింది. సాయంత్రం చీకటిపడ్డాక దించింది, మర్నాడు చీకట్లోనే ఎత్తింది. అలా మూడు వారాలు ఆ నోటీసు రోజుకి ఒకసారి పైకీ, ఒకసారి కిందికీ ప్రయాణం చేసింది. చివరికి ఓ రోజు షట్టరు ఇరుక్కుపోతే రిపేరు చేసేవాడు వచ్చి పైన చెయ్యి పెట్టి ఒక కాగితం ముద్ద లాగాడు. ఆ ముద్దే నోటీసు. అందులో ఇచ్చిన గడువు అప్పటికే అయిపోయింది.

కింది కోర్టు ఆ ముద్దని కవరులో పెట్టి నంబరు వేసి దాచుకుంది గానీ, షట్టరు కన్నా అందరికీ కనబడే చోటు షాపుకి ఇంకేముంటుంది, నోటీసు చెల్లుతుంది, ఖాళీ చెయ్యమంది. దాని మీద అప్పీలు. గురువారం తుది వాదనలు. ఓడిపోతే తొంభై రోజుల్లో టైలరమ్మ మిషన్లు వీధిలో ఉంటాయి. రాజీకి వస్తే ఆరు నెలలు టైమిస్తానని ఓనరు కబురు పెట్టాడు. ఆరు నెలల్లో నేను ఎక్కడికి పోతాను, ఆ మూల మీద లేకపోతే నేనెవరినో ఎవరికి తెలుసు అని ఆవిడ పెద్దాయన ఎదురుగా కూర్చుని అంది. ఏడవలేదు. ఏడుపు రానివాళ్ళ గొంతు ఎలా ఉంటుందో జూనియరు ఆ రోజు విన్నది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ జూనియరు నల్లకోటు చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. లోపలి లైనింగు చంక దగ్గర చిరిగి ఉంది. పైకి కనబడదని జూనియరు దాన్ని రెండు పిన్నీసులతో నెట్టుకొస్తోంది.

"ఇది ఇచ్చెయ్యమ్మా, రేపటికల్లా చేసిస్తాను" అంది టైలరమ్మ.

కేసు అయ్యాక ఇస్తానంది జూనియరు.

సోమవారం మధ్యాహ్నం పై కోర్టు తీర్పు ఒకటి వచ్చింది. ముగ్గురు జడ్జీలు, తొంభై నాలుగు పేజీలు, నూట ఆరు పేరాలు. ఎవరిదో గోడౌను. మడత తలుపు మీద నోటీసు అంటించారు. తలుపు తెరిస్తే మడతలో నోటీసు మాయం. జూనియరు కుర్చీ ముందుకి లాక్కుంది. మొదటి మూడు పేజీలు చదివింది. చివరి పేజీ చూసింది. అద్దెకున్నవాడే గెలిచాడు, ఖాళీ చెయ్యమన్న ఉత్తర్వు కొట్టేశారు. ఇక మధ్యలో ఉన్న తొంభై పేజీల సంగతి. ఈ రోజుల్లో తీర్పులు చదివే పద్ధతి ఒకటుంది. కంప్యూటరులో తీర్పు తెరిచి, వెతికే గడిలో కావాల్సిన మాట కొడితే అదే తీసుకెళ్ళి కావాల్సిన చోట దింపుతుంది. దిగిన చోట చుట్టుపక్కల ఏ ఊరో చూసుకోవడం మాత్రం మన బాధ్యత. జూనియరు 'తలుపు' అని కొట్టింది. నలభై ఒకటో పేరా దగ్గర దిగింది.

ఆ పేరా ఇలా ఉంది: "తలుపు తెరిస్తే కంటికి కనబడకుండా పోయే భాగం మీద అంటించిన నోటీసు, అంటించినట్టే కాదు. పని జరిగే వేళల్లో కనబడనిది అందరికీ కనబడే చోటు ఎలా అవుతుంది?"

తన కేసుని పక్కన పెట్టుకుని రాసినట్టుంది ఆ పేరా. జూనియరు దాన్ని రెండుసార్లు చదివి, ఆనందం పట్టలేక లేచి మంచినీళ్ళు తాగొచ్చింది. నోటు రాసింది. మొదటి లైను: లాభం. ఆ కింద పేరా మొత్తం దింపి, అది మన షట్టరుకి ఎలా అతుకుతుందో నాలుగు ముక్కల్లో చెప్పి, అప్పీలు నెగ్గుతుందని ముగించింది. సాయంత్రానికి నోటు తిరిగొచ్చింది. టిక్కు మొదటి లైను పక్కన.

మంగళవారం పొద్దున పెద్దాయన అవతలి లాయరుకి ఒక ఉత్తరం పంపారు. మర్యాదగా, పొట్టిగా. పై కోర్టు ఇలా తేల్చింది అంటూ నలభై ఒకటో పేరాని కొటేషన్లలో పెట్టి, ఈ నేపథ్యంలో మీ క్లయింటు మరోసారి ఆలోచించుకుంటే బాగుంటుందని రాశారు. అవతలి లాయరుని కోర్టులో అందరూ వాయిదాల వకీలు అంటారు. వాదించడం కన్నా వాయిదా వేయించడం ఆయనకి ఇష్టం. రెండూ తప్పనప్పుడు రాజీ. ఉత్తరం అందిన మూడు గంటల్లో ఆయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. ఆరు నెలలు కాదు, ఐదేళ్ళు. ఇప్పుడున్న షరతుల మీదే ఐదేళ్ళు ఉండొచ్చు. గురువారం కోర్టులో రాజీ పత్రం దాఖలు చేద్దాం.

ఫోనులో ఆ మాట టైలరమ్మకి జూనియరే చెప్పింది. అవతల మిషను ఆగిన చప్పుడు వినబడింది. తర్వాత ఆవిడ, నీ కడుపు చల్లగుండ అంది. పద్నాలుగు నెలల్లో జూనియరుని ఎవరూ ఆ మాట అనలేదు.

ఇంటికెళ్ళి అక్కకి చెప్పింది. అక్క ఆస్పత్రిలో నర్సు. ఎవరేం చెప్పినా ముందు చార్టు చూడాలనే మనిషి. తొంభై నాలుగు పేజీలూ చదివావా అని అడిగింది. చదివానంది జూనియరు. అబద్ధం చెబుతున్నానని అనిపించలేదు. ఈ పద్ధతిలో చదివినా చదివినట్టే లెక్క మరి.

పెద్దాయనకి ఇంకో అలవాటుంది. రాజీ కుదిరినా సరే, కాగితం మీద సంతకం ఆరేదాకా వాదనకి తయారుగానే ఉండాలంటారు. కాబట్టి బుధవారం పొద్దున జూనియరు కోర్టుకి ఇవ్వాల్సిన తీర్పు కాపీలు మూడు సెట్లు సిద్ధం చేస్తోంది. ముఖ్యమైన పేజీకి రంగు చీటీ అంటించాలి. నలభై ఒకటో పేరా ఉన్న పేజీ ఎక్కడుందో వెతుకుతూ, ఈసారి కంప్యూటరు కాకుండా కాగితాలే కాబట్టి, ఒక్కొక్కటే తిప్పింది. పంతొమ్మిదో పేజీ దగ్గర చెయ్యి ఆగింది.

ముప్పై ఆరో పేరా: "అద్దెదారు తరఫు సీనియర్ న్యాయవాది చేసిన వాదన ఈ విధంగా ఉన్నది."

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. ఎక్కడా 'అని ఆయన వాదించారు' అన్న ముక్క లేదు. జడ్జీగారు ఆయన గొంతులోనే రాసుకుంటూ పోయారు. నలభై ఒకటి. నలభై రెండు. నలభై మూడో పేరా మొదట్లో: "పై వాదనకు జవాబుగా గోడౌను యజమాని తరఫు న్యాయవాది..."

నలభై ఒకటో పేరా కోర్టు మాట కాదు. ఒక లాయరు మాట.

జూనియరు కుర్చీలో కూర్చుంది.  ఈసారి తొంభై నాలుగు పేజీలూ చదివింది. వరసగా, ఒక్కటి వదలకుండా, రెండున్నర గంటలు. అరవై ఎనిమిదో పేరాలో కోర్టు ఆ వాదన తీసుకుని మర్యాదగా పక్కన పెట్టింది. తలుపు మీద అంటించారన్న ఒక్క కారణంతో నోటీసు చెల్లదనలేమంది. అది అందరికీ కనబడే చోటా కాదా అన్నది సాక్ష్యాన్ని బట్టి కింది కోర్టు తేల్చుకోవాలంది. షట్టరు కేసులో కింది కోర్టు తేల్చేసింది, కనబడే చోటేనని. అంటే అప్పీలు దేని మీద నిలబడిందో ఆ కాలే పోయింది.

మరి ఆ అద్దెదారు ఎలా గెలిచాడు? డెబ్బై ఒకటో పేరాలో. నోటీసు అంటించే ముందు మనిషి చేతికి ఇచ్చే ప్రయత్నం చేసి తీరాలి, చేశామని రుజువు చెయ్యాలి, చెయ్యకపోతే ఎక్కడ అంటించారన్న ప్రశ్నే రాదు. ఆ గోడౌను ఓనరు తరఫువాళ్ళు ప్రయత్నం చెయ్యలేదు. అందుకని పడిపోయారు.

షట్టరు కేసు ఫైలు తీసి, ఓనరు మనిషిని కింది కోర్టులో అడ్డప్రశ్నలు అడిగిన కాగితాలు చూసింది జూనియరు. పదిహేడో పేజీ. తలుపు తట్టారా అని అడిగితే, తట్టలేదు, షట్టరు మూసి ఉంది కదా లోపల ఎవరూ లేరనుకున్నాను అన్నాడు. ఏమైనా వినబడిందా అంటే, మిషను చప్పుడు వినబడిందన్నాడు. ఆదివారం పొద్దున టైలరమ్మ లోపలే ఉంది, వెనక తలుపు నుంచి వచ్చి పని చేసుకుంటోంది. ఆ ముక్క రెండేళ్ళుగా ఫైలులోనే ఉంది. కానీ అప్పీలు కారణాల్లో ఎవరూ దాన్ని రాయలేదు. ఇప్పుడు చేర్చాలంటే కోర్టు అనుమతి అడగాలి, కోర్టు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు.

ఇక్కడ జూనియరు మనసులో ఏం జరిగిందో దాచడం బాగుండదు. ఆమెకి మొదట తోచింది నోరు మూసుకోవడమే. ఐదేళ్ళు వచ్చాయి. రేపు సంతకం. వాయిదాల వకీలు ఆ తీర్పు తెరవలేదని ఆయన జవాబు చూస్తేనే తెలుస్తోంది. ఆయన భయపడింది తీర్పుకి కాదు, పెద్దాయన ఉత్తరంలోని కొటేషన్లకి. పైగా తను రాసిన మొదటి మాట తప్పు కూడా కాదు. లాభం అన్నది లాభమే, కారణం ఒకటే తేడా. పెద్దాయన కారణందాకా చదవనే లేదు. కారణం మారిన సంగతి ఈ లోకంలో ఒక్క మనిషికి తెలుసు, ఆ మనిషి పిన్నీసుల కోటు వేసుకుని కూర్చుంది.

కానీ పెద్దాయన సంతకంతో వెళ్ళిన ఉత్తరంలో, కోర్టు అనని మాట కోర్టు అన్నట్టు ఉంది. అది తన మాట నమ్మి పెట్టిన సంతకం. ఆ ఉత్తరం మీద ఐదేళ్ళు తెచ్చుకుంటే తప్పు చదివినవాళ్ళం కాదు, మోసం చేసినవాళ్ళం అవుతాం. ఇది అర్థమయ్యాక జూనియరుకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, కాపీల గదిలో, జిరాక్సు మిషను నడుస్తుండగా. గుమాస్తాగారు లోపలికొచ్చి, చూసి, మిషనులో కాగితాల కట్ట ఒకటి నింపి వెళ్ళిపోయాడు.

రెండో నోటు రాయడానికి కూర్చుంది. మొదటి లైను దగ్గరే ఇరుక్కుంది. లాభం అని రాస్తే మొదటి నోటే ఉన్నట్టు. నష్టం అని రాస్తే డెబ్బై ఒకటో పేరాకి అన్యాయం. సంబంధం లేదంటే నవ్వుతారు. ఆఫీసు పుట్టిన్నాటి నుంచి ఉన్న మూడు మాటల్లో ఏదీ పనికిరాలేదు. చివరికి ఇలా రాసింది:

"నా సోమవారం నోటు తప్పు. దాన్ని నమ్మి పంపిన మన ఉత్తరం కూడా తప్పు."

ఆ కింద మూడు పేరాలు. నలభై ఒకటి అద్దెదారు లాయరు వాదన, కోర్టు నిర్ణయం కాదు, ముప్పై ఆరు నుంచి చదవాలి. అరవై ఎనిమిదిలో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, మన అప్పీలులో ఇప్పుడున్న కారణం దీంతో పోతుంది. డెబ్బై ఒకటి మనకి పనికొస్తుంది, సాక్ష్యం పదిహేడో పేజీలో ఉంది, కానీ ఆ కారణం మన అప్పీలులో లేదు, చేర్చడానికి ఇవాళే అనుమతి దరఖాస్తు వెయ్యాలి. తీర్పు మొత్తం ఇప్పుడు చదివాను, సోమవారం చదవలేదు. అంతే. పేజీలో ముప్పావు వంతే పట్టింది.

నోటు చేత్తో పట్టుకుని స్వయంగా వెళ్ళి ఇచ్చింది. పెద్దాయన మొదటి లైను చదివి పెన్సిలు తీశారు. టిక్కు పెట్టలేదు. పెన్సిలు పట్టుకునే చివరిదాకా చదివారు. తర్వాత సోమవారం నోటు అడిగి తెప్పించుకుని, తన టిక్కు వంక చాలాసేపు చూశారు. తీర్పు అడిగారు. తలుపు వెయ్యమన్నారు. ఎదురుగా ఆమెని కూర్చోబెట్టుకుని పంతొమ్మిదో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ఆ గదిలో ఫోను రెండుసార్లు మోగి మానేసింది.

"నువ్వు తొంభై పేజీలు చదవలేదు" అన్నారు చివరికి. "నేను ఒక్క పేజీ చదవలేదు. చదివుంటే పేరాకి ముందేముందని అడిగేవాణ్ణి. నలభై ఏళ్ళుగా నా పని అదే."

మొదటి నోటు తీసేసి కొత్తది పెట్టమంటారా అని జూనియరు అడిగింది.

"రెండూ ఉంటాయి" అన్నారు పెద్దాయన. "ముందు క్లయింటుని పిలువు. ఆవిడకి చెప్పకుండా అవతలివాళ్ళకి చెప్పకూడదు. నువ్వే చెప్పాలి."

టైలరమ్మ మూడింటికి వచ్చింది, మెళ్ళో టేపు తియ్యడం మర్చిపోయి. రాజీ పత్రం చదివి వినిపించడానికి పిలిచారనుకుంది. జూనియరు చెప్పింది. మెత్తగా చెప్పే మార్గం వెతక్కుండా, నేను తప్పు చదివానండీ అని మొదలుపెట్టి చెప్పింది. టైలరమ్మ మధ్యలో అడ్డురాలేదు.

"మీరు చెప్పకపోతే వాళ్ళకి తెలిసేదా?" అని మాత్రం అడిగింది.

"తెలియకపోవచ్చు పిన్నిగారూ."

"మరి ఎందుకు చెబుతున్నారు?"

జూనియరు పెద్దాయన వైపు చూసింది. ఆయన ఆమె వైపే చూస్తున్నారు. జవాబు ఆమెదే.

"ఆ ఉత్తరం మేం రాశాం. అందులో ఉన్నది నిజం కాదని ఇప్పుడు మాకు తెలుసు. తెలిశాక దాన్ని అలా వదిలేసి దాని మీద సంతకం చేయించుకుంటే, అది మోసం. రేపెప్పుడో బయటపడితే మీ ఐదేళ్ళూ కూలిపోతాయి. బయటపడకపోయినా మేం చెయ్యలేం."

ఇది ఇష్టం లేకపోతే వేరే లాయరుని చూసుకోవచ్చనీ, ఫైలు ఇచ్చేస్తామనీ, ఆ ఉత్తరాన్ని మాత్రం తాము మోయలేమనీ పెద్దాయన చెప్పారు. తప్పు ఆఫీసుది, సంతకం తనది, అమ్మాయిది కాదు అన్నారు. టైలరమ్మ మెళ్ళో టేపు తీసి చుట్ట చుట్టి చేతిలో పెట్టుకుంది. ఆవిడకి కోపం వచ్చింది. రాకపోతే అది విడ్డూరం.

"నిన్న ఐదేళ్ళు చేతిలో పెట్టారు. నేను మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను" అంది. "చిన్నపిల్ల చేతిలోంచి లాక్కున్నట్టుంది." తర్వాత లేచి నిలబడి, "పంపించండి మీ ఉత్తరం. ఇంకొకళ్ళ గుడ్డ తప్పు కత్తిరించి, కనబడకుండా మడిచి కుట్టివ్వడం నాకూ వచ్చు. ఎప్పుడూ ఇవ్వలేదు" అని వెళ్ళిపోయింది. జూనియరు కోటు వంక కూడా చూడలేదు.

నాలుగింటికి ఉత్తరం వెళ్ళింది. మా నిన్నటి ఉత్తరంలో కోర్టు నిర్ణయంగా చూపినది నిజానికి ఒక పక్షం వాదన మాత్రమే, ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాం, చింతిస్తున్నాం. దాంతోపాటు డెబ్బై ఒకటో పేరా కారణం చేర్చడానికి అనుమతి దరఖాస్తు కాపీ కూడా. నాలుగున్నరకి వాయిదాల వకీలు ఫోన్ చేసి, ఐదేళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఎంత హుషారుగా అన్నాడంటే, పెద్దాయన ఫోను కాస్త దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

గురువారం పొద్దున కోర్టు వరండా. బెంచీకి ఈ చివర టైలరమ్మ, ఆ చివర జూనియరు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు ఉంది, ఎవరూ కూర్చోలేదు. కేసు నంబరు పన్నెండు. తొమ్మిదో నంబరు నడుస్తుండగా వాయిదాల వకీలు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చంకలో తీర్పు, దానికి రంగు చీటీలు, పంతొమ్మిదో పేజీ దగ్గర మొదలై దట్టంగా. పెద్దాయన పక్కకొచ్చి నిలబడ్డాడు.

"గురువుగారూ, మీరు మొదటి ఉత్తరంతో ఊరుకుని ఉంటే ఐదేళ్ళు ఇచ్చేవాణ్ణి" అన్నాడు. "రెండోది చూశాక, ఇందులో నిజంగా ఏముందో అని కూర్చుని మొత్తం చదివాను. ఓ తీర్పు మొత్తం చదివి ఎన్నేళ్ళయిందో."

"డెబ్బై ఒకటి చూశారా?" అన్నారు పెద్దాయన.

"చూశాను. పదిహేడో పేజీ కూడా చూశాను. మావాడు మిషను చప్పుడు విన్నాట్ట." వాయిదాల వకీలు నిట్టూర్చాడు. "మూడేళ్ళు. ఓనరుని ఒప్పించాను. అంతకన్నా నావల్ల కాదు."

పెద్దాయన జూనియరుకి బెంచీ వైపు సైగ చేశారు. ఆమె వెళ్ళి, మధ్యలో ఉన్న ఖాళీలో కూర్చుని సంగతి చెప్పింది.

"నిజం చెప్పు. వాదిస్తే గెలుస్తామా?" అంది టైలరమ్మ.

ఇరవై నాలుగ్గంటల క్రితమైతే జూనియరు గెలుస్తామనేది. "తెలియదండీ. అనుమతి ఇస్తే గెలిచే అవకాశం ఎక్కువే. ఇవ్వకపోతే ఓడిపోతాం. గెలిచినా ఆ నోటీసు ఒక్కటే చెల్లదు. ఓనరు ఈసారి తలుపు తట్టి కొత్త నోటీసు ఇస్తాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలు. రెండేళ్ళు పట్టొచ్చు, ఒక ఏడాదే పట్టొచ్చు."

"మూడేళ్ళు కాగితం మీద ఉంటాయి."

"ఉంటాయి. తప్పు లేని కాగితం మీద."

టైలరమ్మ వరండా చివరి వరకూ చూసింది. అక్కడ చూడ్డానికేమీ లేదు, ఒక గోడ, నోటీసు బోర్డు. తర్వాత సరే అంది.

పన్నెండో నంబరు ఐదు నిమిషాల్లో అయిపోయింది. రాజీ పత్రం చూసి జడ్జిగారు, ఈ కొత్త తీర్పు రెండు పక్షాల వాళ్ళూ చదివారా అని మామూలుగా అడిగారు. చదివామని ఇద్దరు లాయర్లూ ఒక్కసారే అన్నారు. ఆ కోర్టులో ఆ జవాబు అంత గట్టిగా ఎప్పుడూ వినబడి ఉండదు. జడ్జిగారు తలెత్తి చూసి, మళ్ళీ దించుకుని సంతకం పెట్టారు.

మధ్యాహ్నం గుమాస్తాగారు షట్టరు కేసు ఫైలు మూసే ముందు జూనియరు బల్ల మీద పెట్టి, చూసుకోమన్నాడు. మొదటి నోటు ఉంది, టిక్కు మొదటి లైను పక్కన. దాని వెనక రెండో నోటు. మొదటి లైను పక్కన ఏమీ లేదు. టిక్కు చిట్టచివర, ఆమె సంతకం కింద ఉంది. జూనియరు దాన్ని కాసేపు చూసింది. సంతోషించాలని ప్రయత్నించింది. రెండేళ్ళు అడ్డొచ్చాయి. ఐదులోంచి మూడు తీసేస్తే మిగిలే ఆ రెండేళ్ళు తను మంగళవారం చూపించి, బుధవారం తీసేసుకున్నవి. ఆ బాధ ఏ నోటులోనూ రాయడానికి వీల్లేదు.

సాయంత్రం బస్సు కోసం నడుస్తుంటే కాళ్ళు వాటంతటవే ఆ మూల వైపు తిరిగాయి. షట్టరు సగం దించి ఉంది. లోపల దీపం వెలుగుతోంది, మిషను నడుస్తోంది. జూనియరు అక్కడ నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, షట్టరు మీద వేలితో తట్టింది.

మిషను ఆగింది. టైలరమ్మ వంగి కిందనుంచి చూసింది. కోపం పూర్తిగా పోయినట్టు లేదు. పోవాలని జూనియరు అడగనూ లేదు.

"నువ్వొక్కదానివి తడితే ఏం లాభం?" అంది టైలరమ్మ. "ఆ ఆదివారం వాడు తట్టుంటే ఈ గొడవే లేదు." తర్వాత షట్టరు కింద నుంచే చెయ్యి బయటికి చాపింది. "కోటు ఇలా ఇవ్వు. పిన్నీసులు తీసి ఇవ్వు, నా సూది విరుగుతుంది. ఎప్పటికి కావాలి?"

"తొందరేం లేదండీ" అంది జూనియరు.

"మూడేళ్ళు ఉన్నాయి కదాని నానబెట్టను" అంది టైలరమ్మ. కోటు లోపలికి తిరగేసి, దీపం దగ్గర పెట్టుకుని, చిరుగు దగ్గర కాదు, ఆ కుట్టు మొదలైన చోటు నుంచి చూడ్డం మొదలుపెట్టింది. "రేపు పొద్దున రా."